పదును చూసే చేయి, వాలు చూసే కన్ను

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణలో రెండు నల్లరేగడి చేల మీద 1976 నుంచి ఒక పోటీ నడుస్తోంది. ఒకదానిలో ఆ సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి. రెండోదానిలో, వాళ్ల మాటల్లోనే, రైతుల సంప్రదాయ పద్ధతి. రెండు చోట్లా మన్ను ఒకటే, వాన ఒకటే. మొదటి చేను ఎత్తుపరుపులు, కాలువలుగా ఉంటుంది. అందులో ముంగారిలోనే జొన్న, కంది లాంటివి కలిపి వేస్తారు. రెండో చేను చదునుగా ఉంటుంది. వానాకాలమంతా దాన్ని ఖాళీగా ఉంచి, గుంటక తోలి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో విత్తుతారు. దశాబ్దాల సగటు తీస్తే మొదటి చేను హెక్టారుకు సుమారు 5 టన్నుల గింజ ఇచ్చింది, రెండోది దాదాపు ఒక టన్ను. కొట్టుకుపోయిన మన్ను మొదటి దాంట్లో ఏడాదికి ఒకటిన్నర టన్ను, రెండో దాంట్లో 6 టన్నుల పైన.

నేను రెండో చేను తరఫు మనిషిని. నంద్యాల వైపు మా ఇంట్లో మూడు తరాలు గుంటక తోలారు. ఆ లెక్క మొదటిసారి చూసినప్పుడు మా నాయన్ను ఎవరో నలుగురిలో తక్కువ చేసినట్టు అనిపించింది. తర్వాత మా అక్కను ఆదిలాబాద్ వైపు ఇచ్చాం. బావ పత్తి, కంది వేస్తాడు. ఏడాదికి రెండుసార్లయినా అక్కడికి పోయి ఆ చేను గట్టు మీద కూర్చుంటాను కాబట్టి, ఇప్పుడు ఆ లెక్కను కొంచెం చల్లగా చదవగలుగుతున్నాను. అందులో ఒప్పుకోవాల్సింది ఉంది, ఒప్పుకోకూడనిదీ ఉంది.

ఒప్పుకోకూడనిది ముందు చెప్తాను. ఆ రెండు చేలకూ తేడా పరుపులూ గుంటకా మాత్రమే కాదు. మొదటి దానికి మేలు రకం విత్తనం, నత్రజని, భాస్వరం పడ్డాయి. రెండో దానికి పడింది పశువుల ఎరువు. మొదటి దాంట్లో ఏడాదికి రెండు పంటలు, రెండో దాంట్లో ఒకటి. అలాంటప్పుడు 5 టన్నులకూ ఒక టన్నుకూ మధ్య ఉన్న అంతరాన్నంతా సేద్యం తీరుకే కట్టబెట్టి గుంటకను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఒప్పుకోవాల్సింది మన్ను లెక్క. ఖాళీ రేగడి మీద ఆగస్టు వాన కురిస్తే ఏమవుతుందో మా ఊరి వంకలో పారే బురద నీళ్లు చూసిన ఎవరికైనా తెలుసు. అక్కడ పటాన్‌చెరు గెలిచింది, అనుమానం లేదు.

రెండు పద్ధతులనూ సరిగా తూచాలంటే ఆ మన్ను ఎలా నడుచుకుంటుందో ముందు చూడాలి. రేగడిలో బంకమన్ను సగానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ బంక కూడా నీళ్లు తాగి ఉబ్బే, ఆరి కుంచించుకుపోయే జాతిది. మే నెలలో మా చేలో నెర్రెల్లోకి కందికట్టె దించితే మోకాటి లోతు దాటి పోతుంది. కొన్ని నెర్రెల్లో అరచేయి నిలువుగా పడుతుంది. ఆ దశలో వాన పడితే నీళ్లు పైమన్ను తడవకముందే నెర్రెల వెంట పాతాళానికి దిగుతాయి. అంటే చేను అడుగు నుంచి నిండుతుంది. ఎండాకాలపు నెర్రె చేటు కాదు, అది చేనుకు గొంతు. కానీ మన్ను ఉబ్బి ఆ గొంతు మూసుకుపోయాక కథ తిరగబడుతుంది. బాగా తడిసిన లోతు రేగడిలో నీరు ఇంకే వేగాన్ని ఇక్రిశాట్ వాళ్లే కొలిచారు: గంటకు 0.2 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. అంటే రోజంతా కలిపి 5 మిల్లీమీటర్లు. జూన్‌లో ఎంత పోసినా తాగే చేను, ఆగస్టులో గుటక వేయదు.

ఈ రెండు స్థితులకూ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. దాన్నే మనవాళ్లు పదును అన్నారు. అదును పంచాంగంలో దొరుకుతుంది, పదును మాత్రం చేతికి దొరకాలి. మా నాయన చేసే పరీక్ష ఇది: నాలుగు వేళ్ల లోతు నుంచి పిడికెడు మన్ను తీసి ఉండ చేస్తాడు. ఆ ఉండను అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనుతాడు. పెన్సిలు కన్నా సన్నగా, విరక్కుండా తాడు సాగిందంటే మన్ను ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఉండ అయినట్టే అయి, తాడు చేయబోతే ముక్కలైతే ఎద్దులను కట్టొచ్చు. అసలు ఉండే కాకుండా గట్టి పలుకులుగా రాలితే పదును దాటిపోయింది. ఇసుక నేలలో ఈ సందు వారం పది రోజులు ఉంటుంది. రేగడిలో వాన వెలిశాక ఎండను బట్టి, గాలిని బట్టి మూడు నాలుగు రోజులు మించదు. ఒక్కోసారి రెండు రోజులే. ఆ సందుకు ముందు దిగితే మన్ను జిగటగా అణిగి, ఆరాక ఇటుక అవుతుంది. ఆ తర్వాత దిగితే తల పరిమాణంలో పెళ్లలు లేస్తాయి.

గుంటకను ఈ వెలుగులో చూడాలి. అదొక అడ్డదుంగ, దాని కింద రెండు కాళ్లకు బిగించిన ఇనుప పాస. మన్నును తిరగేయదు. మూడు నాలుగు వేళ్ల లోతున పైపొరను కోసుకుంటూ పోతుంది. దీన్ని చూసి, నేలను గీకే ఈ పనిముట్టు దేనికని వ్యవసాయ పుస్తకాలు చాలాకాలం చిన్నచూపు చూశాయి. అసలు రేగడికి తిరగేయడంతో పనిలేదు. తడిసి ఆరే ప్రతిసారీ అది తనంతట తానే చిట్లి పైన పొడిపొడిగా మారుతుంది, పైపొర నెర్రెల్లోకి రాలి అడుగుకు చేరుతుంది. నేలే నిదానంగా తనను తాను దున్నుకుంటుందన్నమాట. గుంటక చేసేది ఆ పనికి తోడు నిలవడం: కలుపు వేరును కోయడం, నెర్రె మూతిని పొడిమన్నుతో మూయడం. మా వైపు ముంగారిలో ఖాళీగా ఉన్న చేనుకు వాన వెలిసి పదును వచ్చిన ప్రతిసారీ ఒక సాలు చొప్పున, పుబ్బ ఉత్తర కార్తెల దాకా నాలుగైదుసార్లు గుంటక తోలేవాళ్లు. సెప్టెంబరు చివరికి చేను అద్దంలా ఉండేది, అడుగున నాలుగడుగుల లోతు వరకు తేమ.

మంచి లోతున్న రేగడి, పంట వాడుకోగల నీటిని 200 మిల్లీమీటర్ల పైనే దాచుకుంటుంది. హస్త, చిత్త కార్తెల్లో వేసిన శనగకు ఆ దాచిన నీళ్లే పెట్టుబడి. తర్వాత మంచు తప్ప పైనుంచి చుక్క పడకపోయినా వంద రోజుల పంట ఇంటికి వస్తుంది. ఇక్కడ డిసెంబరు నెర్రె వేరు, మే నెర్రె వేరు. శనగ పూతకొచ్చే సమయాన సాలు పక్కన నెర్రె విచ్చుకుంటే అది గొంతు కాదు, గాయం. దాని గోడల నుంచి అడుగు తేమ ఆవిరైపోతుంది, అడ్డొచ్చిన వేళ్లు పటుక్కున తెగుతాయి. అందుకే విత్తిన మూడు నాలుగు వారాలకు సాళ్ల మధ్య దంతి తోలి వేలెడు మందం పొడిమన్ను పరుస్తారు. కలుపు కోసమే అనుకుంటారు చూసేవాళ్లు. అందులో సగం నెర్రె కోసం.

ఈ పద్ధతి ఎక్కడ తప్పుతుందో నా అనుభవమే చెప్తుంది. నేను ఒంటరిగా శనగ వేయించిన మొదటి ఏడాది అక్టోబరులో వాన వెలిసిన మూడో రోజు. ట్రాక్టరు గొర్రు ఆ ఒక్క పూటే దొరుకుతుందన్నాడు అద్దెకిచ్చేవాడు. నాయన గట్టు దిగి పిడికెడు మన్ను పిసికి చూశాడు.

"ఇంగా రెండు దినాలు ఓపిక పట్రా. మన్ను పాసకు అతుక్కుంటాంటే విత్తనం ఎట్లేస్తావు?"

నేను వినలేదు. గొర్రు పోయిన సాలు లోపలి గోడలు నూనె రాసినట్టు మెరిశాయి. మొలక బాగానే వచ్చింది, ఆయనను గెలిచాననుకున్నాను. నెల తిరిగేసరికి ప్రతి సాలు వెంబడీ, సరిగ్గా విత్తనం పడిన గీత మీదే, తాడు పట్టి గీసినట్టు నెర్రె విచ్చుకుంది. మొక్కలు ఆ నెర్రె అంచున ఒక పక్క వేళ్లు గాలిలో పెట్టుకుని నిలబడ్డాయి. పచ్చి బంకలో కోసిన సందు మళ్లీ కలవదు, ఎండితే మొదట విచ్చుకునేది అదే. పక్క చేను వాళ్లు నాలుగు రోజులు ఆగి వేశారు. వాళ్ల చేలో నెర్రెలు సాళ్లను పట్టించుకోకుండా ఇష్టమొచ్చినట్టు పోయాయి, పంట నిలబడింది. గుంటక పద్ధతి బలమంతా ఈ నిరీక్షణలో ఉంది, బలహీనతా అందులోనే ఉంది. ఎద్దులు మనవైతే ఆగొచ్చు. ట్రాక్టరు అద్దెదైతే పదును ఎవరిది?

ఇక పటాన్‌చెరు పద్ధతి. దాని అసలు తెలివి పరుపుల్లో కన్నా తేదీల్లో ఉందని నాకనిపిస్తుంది. రబీ పంట కోసిన వెంటనే, మన్నులో ఇంకా కొంచెం తడి ఉండగానే దున్నమంటుంది. నెల ఆగితే అదే చేను రాయి. అప్పుడు లేచిన పెళ్లలను ఏప్రిల్, మే జల్లులకు వదిలేయాలి. ఎండి ఉన్న రేగడి పెళ్ల మీద ఒక మోస్తరు జల్లు పడితే అది తెల్లారేసరికి అటుకుల్లా చిట్లిపోతుంది. ఏ రోటవేటరూ అంత మెత్తగా చేయలేదు. అలా చిట్లిన మన్నును వాలుకు కొంచెం ఏటవాలుగా పరుపులు చేస్తారు: పరుపూ కాలువా కలిసి ఒకటిన్నర మీటరు, అందులో సుమారు మీటరు పరుపు, మిగతాది కాలువ. కాలువకు వాలు నూరు మీటర్లకు 40 నుంచి 80 సెంటీమీటర్లు. అంతకన్నా తక్కువైతే నీరు కదలదు, ఎక్కువైతే మన్నును మోసుకుపోతుంది. ఎద్దులూ చక్రాలూ ఎప్పుడూ కాలువలోనే నడుస్తాయి. పరుపు మీద అడుగు పడదు కాబట్టి అది ఏటికేడు గుల్లబారుతుంది. చివరగా, తొలకరికి వారం ముందే పొడి దుక్కిలో విత్తనం వేసేస్తారు. తడిసిన రేగడిలో మళ్లీ ఎప్పుడు దిగగలమో తెలియదు కనుక వానకు ముందే పని ముగించడం అన్నమాట.

పదునును జయించడానికి గుంటక ఎదురుచూస్తుంది, పటాన్‌చెరు తప్పించుకుంటుంది. రెండింటికీ ఉన్న తేడాను ఇంతకన్నా క్లుప్తంగా చెప్పలేను. ఒకటి చేతిలోని మన్నును చదువుతుంది, రెండోది నేల వాలును. గుంటక తోలేవాళ్లకు నిలిచిన నీటి మీద పెద్దగా ఆలోచన లేదు, ఎందుకంటే వానాకాలంలో వాళ్ల చేలో పంటే లేదు. నీళ్లు నిలిస్తే నిలవనీ, పదును వచ్చినప్పుడు చూద్దామనేది వాళ్ల ధీమా. చేనంతా పంట పెట్టుకుని ఆగస్టును ఎదుర్కోవాలంటే మాత్రం ఆ ధీమా పనికిరాదు. మరోవైపు, పొడి దుక్కిలో విత్తే ఈ ధైర్యం తొలకరి నమ్మకంగా వచ్చే చోటే చెల్లుతుంది. ఏడాదికి 750 మిల్లీమీటర్ల పైన, అదీ సమయానికి కురిసే ప్రాంతాలకే తమ పద్ధతి అని ఇక్రిశాట్ వాళ్లే గిరి గీసుకున్నారు. జూన్‌లో మబ్బు చూపించి జులై అంతా ఎగ్గొట్టే మా నంద్యాల చేలలో ముంగారిని ఖాళీగా ఉంచడం బద్ధకం కాదు. అది అప్పటి వాళ్ల బీమా.

మరి నమ్మకంగా వాన కురిసే చోటైనా ఆ పద్ధతి ఎందుకు పాకలేదు? దానికోసం చక్రాల మీద నడిచే ట్రోపికల్టర్ అనే ఎద్దుల పనిముట్టును ముందుకు తెచ్చారు. ఒకే చట్రానికి నాగలి, పరుపులు చేసే రెక్కలు, విత్తనాల గొర్రు మార్చి బిగించుకోవచ్చు. పని బాగానే చేసేది, ధర మాత్రం మామూలు గొర్రు, గుంటక కొనేవాడికి అందేది కాదు. ప్రపంచమంతా ఇలాంటి చక్రాల పనిముట్ల గతిని పరిశీలించి పాల్ స్టార్కీ అనే ఆయన 1988లో ఒక పుస్తకమే వేశాడు. వాటిని తీర్చిదిద్దారు, రైతులు తిరస్కరించారు అన్నది దాని పేరులోనే ఉన్న తీర్పు. నాకు మాత్రం ధర కన్నా పెద్ద అడ్డంకి మరొకటి కనిపిస్తుంది. పటాన్‌చెరు చేనుకు కింద ఒక గడ్డి కాలువ, దాని కింద ఒక కుంట ఉన్నాయి. పైనుంచి కిందిదాకా ఒకే యజమాని. మన ఊళ్లలో నా చేను కాలువ ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఇంకొకరి గట్టు మొదలవుతుంది.

ఈ మాట నాకు తోచింది ఆదిలాబాద్‌లో. అక్కడ వాన 1000 మిల్లీమీటర్ల పైమాటే. పత్తి ముంగారిలోనే వేయాలి, గత్యంతరం లేదు. బావ మొదట్లో చదును చేలోనే అచ్చు కొట్టి, గింజలు పెట్టి, ప్రతి ఆరేడు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేసేవాడు. ఒక జులై చివర నేనక్కడ ఉన్నప్పుడు రాత్రంతా వాన కురిసింది. అప్పటికే వారం నుంచి ముసురు. తెల్లారి చూస్తే సాళ్ల మధ్య సుమారు 40 మిల్లీమీటర్ల నీరు అద్దంలా నిలిచి ఉంది. బావ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు నేను కాగితం మీద వేసిన లెక్క ఇది. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే 4,000 లీటర్ల పైచిలుకు. 40 మిల్లీమీటర్లంటే లక్షా అరవై వేల లీటర్లు. నేల నిండిపోయింది కాబట్టి రోజుకు ఇంకేది 5 మిల్లీమీటర్లు. మబ్బులో పంటా గాలీ కలిసి తీసుకునేది ఇంకో 3 మిల్లీమీటర్లు. రోజుకు 8 చొప్పున నీళ్లు తగ్గాలంటే ఐదు రోజులు, అదీ మళ్లీ వాన పడకపోతే. పత్తి వేరుకు గాలి అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే తిండి తీసుకోవడం మందగిస్తుంది. కంది దానికన్నా సున్నితం. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులకు కూడా గాలి కావాలి, అవి పడిపోతే మొక్కకు నత్రజని ఆగిపోతుంది. అదే చేలో ఒకటిన్నర మీటరుకు ఒక కాలువ చొప్పున, నూరు మీటర్ల పొడవున వాలు ఉండి ఉంటే, ఒక్కో కాలువ వాటాకు వచ్చేది 150 చదరపు మీటర్ల నీరు, అంటే 6,000 లీటర్లు. నిమిషానికి పది లీటర్ల సన్నటి ధార కదిలినా పది గంటల్లో చేను బయటపడుతుంది.

"నీ లెక్క మంచిగనే ఉన్నది బామ్మర్దీ. గని నా నీళ్లు పోయేది పక్కోని చేన్లకే గదా, ఆయన ఊకుంటడా?" అన్నాడు బావ.

పటాన్‌చెరు పద్ధతికి ఇంతకన్నా సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఐదో రోజుకు చేను ఎలా ఉందో చెప్పాలి, ఎందుకంటే అక్కడ గుర్తుపట్టడంలో చాలామంది పొరబడతారు. కందిలో కింది ఆకులు ముందు పచ్చబడి రాలాయి. పీకి చూస్తే వేరు కొసలు గోధుమరంగులో, మురుగు వాసనతో ఉన్నాయి. కొన్నిటికి నేలకు జానెడు పైన కాండం మీద నల్లటి మచ్చ పడి, గాలికి అక్కడే విరిగాయి. అది తడిలో విజృంభించే ఫైటాఫ్తోరా ఎండు తెగులు. పత్తిలో ఆకు ఎర్రబారింది, చిన్న మొగ్గలు రాలాయి. పత్తికి ఇంకో రకం దెబ్బ కూడా ఉంటుంది. చాలా రోజులు బెట్ట పట్టి, ఒక్కసారిగా నేల నిండి, మరునాడే చుర్రుమని ఎండ కాస్తే, కాయలున్న మంచి మొక్క పూటలోనే వేలాడిపోతుంది. కాండం నిలువుగా చీల్చి చూడాలి. లోపల గోధుమరంగు చార కనిపిస్తే శిలీంద్రం తెచ్చిన వడలు తెగులు. తెల్లగా శుభ్రంగా ఉంటే అది తెగులు కాదు, నీటి దెబ్బ, పారావిల్ట్ అంటారు. దీనికి తెగులు మందు కొట్టడం డబ్బు పారబోయడమే. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ లీటరుకు 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్ చెబుతుంది కానీ, వాలిన కొన్ని గంటల్లోనే కొట్టాలి. మరునాటికి ఫలితం ఉండదు.

బావ ఆ ఏడాది చేసింది చెప్తాను. మొదట పారతో వాలు వైపు గట్టును రెండుచోట్ల తెగ్గొట్టాడు, పక్కాయనతో మాటలు పడుతూనే. చేలోకి మాత్రం పదును వచ్చేదాకా గుంటుక దించలేదు, నన్ను మా నాయన ఆపబోయిన చోట ఆయన తనంతట తానే ఆగాడు. వేరు పనిచేయని రోజుల్లో ఆకు మీద 13-0-45ను లీటరుకు 10 గ్రాముల చొప్పున రెండుసార్లు కొట్టాడు. పదును రాగానే గుంటుక తోలి, ఎకరాకు 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ పైపాటుగా వేశాడు. పత్తి చాలావరకు కోలుకుంది. కంది పోయిన చోట పోయింది.

మరుసటి ఏడాది ఆయన పటాన్‌చెరు పుస్తకంలోంచి ఒక్క పేజీ తీసుకున్నాడు. పరుపులు చేయలేదు. వాలుకు ఏటవాలుగా సాళ్లు పట్టి, గింజలు పెట్టి, రెండోసారి గుంటుక తోలేటప్పుడు గుంటుకకు తాడు చుట్టి మన్నును మొక్కల మొదళ్లకు ఎగదోశాడు. సాళ్ల మధ్య వాటంతట అవే కాలువలు పడ్డాయి. కందిని మాత్రం చేను ఎత్తు వైపు సాళ్లకు మార్చాడు. పొడి దుక్కిలో విత్తడం ఆయన ఒప్పుకోలేదు, అక్కడ ఆయన పక్షాన నేను నిలబడతాను. జొన్న, కంది గింజను మూడు వేళ్ల లోతుకు వేయొచ్చు. చిన్న జల్లుకు అవి మోసపోవు, నేల బాగా తడిస్తేనే లేస్తాయి. పత్తి గింజ అంత లోతు నుంచి రేగడి పైపెచ్చును పగలగొట్టుకుని రాలేదు. పైన పెడితే 20 మిల్లీమీటర్ల జల్లుకే మొలిచి, తర్వాత వారం ఎండకు మాడుతుంది. అందుకే బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టమని తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం అంటుంది. ఆ మాట పటాన్‌చెరుకు ఎదురు మాట, మా నాయన మాటకు దగ్గర.

పత్తికి ఇంకో చిక్కు కూడా ఉంది. పంట కోయగానే తడి ఉండగా దున్నమన్న ఆ మంచి సలహా పత్తి చేనుకు వర్తించదు. చివరి తీతలు సంక్రాంతి దాటాకా సాగుతాయి. పత్తికట్టె పీకేసరికి చేను బండ. అప్పుడు ట్రాక్టరుతో దున్నితే లేచే పెళ్లను చేతులతో మోయాలి. మార్చి, ఏప్రిల్ జల్లు కోసం ఆగి, దాని పదును మీద కల్టివేటరు ఒకసారి తోలడమే దారి. ఆ జల్లు రాని ఏడాది గుంటుక ఒక్కటే గతి. పటాన్‌చెరు పద్ధతి ధాన్యం పంటల కోసం ఆలోచించింది. పత్తి వచ్చి రేగళ్లను ఆక్రమించాక దాని పంచాంగంలో మొదటి పుటే చిరిగిపోయింది.

ఇప్పుడు రెండు చోట్లా తిరుగుతున్నది రోటవేటరు. నాకు దాని మీద కోపం ఉంది, దాచుకోను. అది పచ్చి మన్నులో కూడా దిగగలదు కాబట్టి పదును అడగదు. చదునుగా నూరుతుంది కాబట్టి వాలు చూడదు. పైన పిండి, కింద దాని బ్లేడు రాసిన నున్నటి పొర. తొలి వానకు ఆ పిండి ముద్దయి మూసుకుంటుంది, కింది పొర దగ్గర నీరు ఆగుతుంది. అనుమానం ఉన్నవాళ్లు పత్తి మొక్కను జాగ్రత్తగా తవ్వి చూడండి, తల్లివేరు జానెడు లోతున పక్కకు తిరిగి ఉంటే ఆ పొరే కారణం. గుంటక దగ్గర ఓపిక ఉంది, పటాన్‌చెరు దగ్గర చూపు ఉంది. దీని దగ్గర ఉన్నది గంటకు ఇంత అన్న అద్దె.

రెండు పద్ధతుల్లో ఏది మేలని ఎవరైనా నన్ను అడిగితే పంటను అడగమంటాను. శనగకు గుంటక చాలు, అది నిండిన నేల మీద కూర్చుని తాగే పంట, దాని శత్రువు నెర్రె. ముంగారిలో నిలబడే పత్తికీ కందికీ కాలువ కావాలి, వాటి శత్రువు నిలిచిన నీరు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ దశాబ్దాల పోటీలో ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టారు గానీ, గుంటకతోనే కాలువ తీసే మూడో చేను పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదో చూడాలని ఉంది. బావ తాడు చుట్టిన గుంటుక ఆ మూడో చేనే.

పోయిన ఆషాఢంలో వెళ్లినప్పుడు రాత్రి మళ్లీ గట్టి వాన పడింది. పొద్దున్నే ఇద్దరం పార పట్టుకుని పోయాం. సాళ్ల మధ్య నీళ్లు సన్నగా కదులుతూ కింది గట్టు దగ్గరికి చేరుతున్నాయి. గట్టు అవతల పక్కాయన తన చేలోనూ అదే ఏటవాలుగా ఒక కాలువ తవ్వుకుని, దాన్ని వాగులోకి తిప్పుతున్నాడు. బావను చూసి పార ఆపలేదు.

"నీ నీళ్లు గిటు రాకుంట ఆపుతవా ఏంది? వస్తయ్ అని తెల్సినంక నేనే తొవ్వ సూపెట్టిన" అన్నాడు.